సున్నా పాయింట్ రెండు కౌలు రైతు

సర్క్యులర్ మీరూ చదివే ఉంటారు. ఇక ఎమ్మే ప్రాజెక్టుకు ఊళ్లు తిరగక్కర్లేదట. సెకండరీ డేటా చాలట. శీర్షికలో మాత్రం 'మిక్స్‌డ్ మెథడ్స్' అని ఉండి తీరాలట. మండుటెండల్లో ఇంతకన్నా చల్లని కబురు ఏముంటుంది!

మొన్న మా అన్నయ్య కొడుకు సినాప్సిస్ పట్టుకొచ్చాడు. వాళ్ల ఊరి కౌలు రైతుల మీద.

"ఊరి లెక్క ఎక్కడిదిరా?"

"ఊరికి లేదు బాబాయ్, రాష్ట్రానిది వేశా."

2019 నాటి జాతీయ నమూనా సర్వే, 77వ విడత. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు కమతాలు 42.4 శాతం. వాళ్ల ఊళ్లో కమతాలు 300. గుణిస్తే 127.2. ఆ 127 మందిని ఒప్పుకుంటాను గానీ, ఆ పాయింట్ రెండు ఆయన ఎవరండీ? నాట్లకు వస్తాడా, కోతలకు మాత్రమే వస్తాడా? అప్పిచ్చినవాడు ఆయన్ని ఎలా పట్టుకుంటాడు? రౌండ్ చేసేయమన్నారట గైడు గారు. పాపం, ఉన్న ఆ కాస్త రైతునూ చెరిపేశారు.

రాష్ట్రం కోసం తీసిన నమూనాను ఊరికి అంటిస్తే గోదావరి డెల్టా, అనంతపురం మెట్ట ఒకటైపోతాయి. ఆ మాట గైడుకు తెలియదా? తెలుసు.

మరి మిక్స్ ఏదీ అంటే, ఫోన్లో ముగ్గురితో మాట్లాడాడు. అందులో ఒకాయన మా అన్నయ్య పొలమే చేస్తున్నాడు. ఆ మాటలకూ ఈ శాతానికీ ఎక్కడా పొత్తు లేదు. దీన్ని మిక్స్ అనరు, కల్తీ అంటారు. పిల్లాడి మీద కాదు నా కోపం, సంతకం పెట్టే చేతి మీద.

ఊళ్లో లెక్క ఎందుకు లేదో అడిగితే అదే అంశం అయ్యేది. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డుకు యజమాని సమ్మతి కావాలి. అదీ 11 నెలలకే. భూమి చేజారుతుందన్న భయంతో చాలామంది యజమానులు సంతకం పెట్టరు. కౌలు నోటిమాట మీద నడుస్తుంది, ఈ-క్రాప్‌లో తరచూ యజమాని పేరే ఎక్కుతుంది. అంటే ఆ జాబితా తప్పు కూడా సాక్ష్యమే. అందుకే వాడికి చెప్పాను: ఊరి ఈ-క్రాప్ జాబితా, కార్డుల సంఖ్య పక్కపక్కన పెట్టుకుని, పొలాలు ఎరిగిన ఇద్దరితో వరస వరసా చదివించు. కాగితం మీద పేరొకటి, మడిలో మనిషొకడు ఉన్న చోట్లు గుర్తుపెట్టు. వాళ్లలో పదిహేను మందిని కార్డు ఎందుకు రాలేదో అడుగు. అంకె చూపిన ఖాళీకి మాట జవాబు చెప్పాలి. యజమానులకు తెలిస్తే కౌలు ఊడుతుంది కాబట్టి పేర్లు రాయకు. ఒక్క ఊరి సంగతి జిల్లా అంతటికీ చెప్పకు.

వాడు బుద్ధిగా రాసుకున్నాడు. చివర్లో తల గోక్కుని అడిగాడు.

"ఊరెళితే ప్రైమరీ డేటా అయిపోతుందేమో బాబాయ్. మార్కులు కోస్తారు."