ఒక గీత, ఒక సంతకం, తేదీ

నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో నాలుగేళ్లు పనిచేశాను, 2017 జూన్ నుంచి 2021 ఆగస్టు దాకా. అన్నాళ్లూ ఒకే మేనేజర్ కింద. హెచ్‌పీఎల్‌సీ మీద నాకు చెయ్యి తిరిగిందంటే అది ఆయన చలవే. 2024లో మరో కంపెనీకి దరఖాస్తు పెట్టినప్పుడు రిఫరెన్స్‌గా ఆ సార్ పేరే రాశాను. పేరు సరిగ్గానే రాశాను. ఆ పక్క గడుల్లో అబద్ధం రాశాను.

ఉప్పల్‌లో మా ఇంట్లో అందరూ పడుకున్నాక రాత్రి పదకొండింటికి ఆ ఫారం ముందు కూర్చున్నాను. మిగతా పేజీలన్నీ అయిపోయాయి. రిఫరెన్స్ పేజీలో పేరు, హోదా, సంస్థ, ఆఫీసు ఈమెయిల్, ఫోన్, మీకు ఏ సంబంధం, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని గడులు. జీమెయిల్ లాంటి సొంత ఐడీలు తీసుకోబోమని కింద ఎర్ర అక్షరాల్లో ఉంది. అప్పుడు పనిచేస్తున్న చోట ఇంకా రాజీనామా ఇవ్వలేదు కాబట్టి అక్కడివాళ్ల పేరు రాయలేను. ఇక మిగిలింది నాచారం సారే.

ఆయన 2022లోనే ఆ కంపెనీ వదిలి వెళ్లారు. ఆ సంగతి నాకు తెలుసు. వీడ్కోలు రోజు శాలువా కప్పిన ఫోటో పాత వాట్సాప్ గ్రూపులో చూసి దండం బొమ్మ పెట్టినదాన్ని కూడా. అయినా హోదా గడిలో 'మేనేజర్, క్యూసీ' అని, సంస్థ గడిలో పాత కంపెనీ పేరు, దాని కింద ఆయన పాత ఆఫీసు ఐడీ, పాత నంబరు రాశాను. కంపెనీ విడిచిన మనిషి మాట చెల్లదేమోనని ఒక భయం. మూడేళ్లు పలకరించకుండా ఉండి పని పడ్డాక ఫోన్ చేయడానికి మొహం చెల్లకపోవడం మరొకటి. నిజం చెప్పాలంటే ఈ రెండోదే పెద్దది. మెయిల్ వెళ్లకపోతే వాళ్లే నన్ను అడుగుతారు, అప్పుడు చూసుకుందాం అనుకున్నాను.

మెయిల్ వెళ్లింది. మేనేజర్ స్థాయి మనిషి వెళ్లిపోతే చాలా చోట్ల ఆయన ఐడీని వెంటనే మూసేయరు. సరుకు పంపేవాళ్ల ఉత్తరాలు, ఆడిటర్ల ఉత్తరాలు పోకుండా కొన్నాళ్లపాటు ఆ కుర్చీలోకి వచ్చినవాళ్ల ఇన్‌బాక్స్‌కి మళ్లిస్తారు. నేను రాసిన ఫోన్ నంబరు కూడా కంపెనీ ఇచ్చిన సిమ్‌దే, అదీ కొత్తాయన చేతిలోనే ఉంది. వెరిఫికేషన్ ఏజెన్సీ అడిగితే ఆయన ఉన్నదే చెప్పారు: ఈ అమ్మాయి ఎవరో నాకు తెలియదు, నా దగ్గర పనిచేయలేదు. మెయిల్ తిరిగొచ్చి ఉంటే ఏజెన్సీవాళ్లు 'వివరాలు చాలలేదు' అని నాకు రాసేవాళ్లు, సరిదిద్దుకునే వీలు ఉండేది. జవాబు వచ్చింది కాబట్టి నన్నెవరూ అడగలేదు.

ఏజెన్సీ నివేదికలో ఒక్కో అంశానికీ ఆకుపచ్చో, పసుపో, ఎరుపో వేస్తారు. పాత కంపెనీ హెచ్ఆర్ నా తేదీలు, హోదా సరిపోయాయని చెప్పింది కాబట్టి ఉద్యోగం దగ్గర ఆకుపచ్చ, రిఫరెన్స్ దగ్గర పసుపు వచ్చాయి. కొత్త కంపెనీ హెచ్ఆర్ మేడం ఫోన్ చేసి మెత్తగానే అడిగింది: "మీరు రాసిన సార్ అక్కడ లేరటండీ. ఆ సంగతి మీకు తెలుసా?"

తెలియదన్నాను.

ఫారంలో రాసినదాని కన్నా ఆ ఒక్క మాటే నన్ను ఎక్కువ కాల్చింది. ఎందుకంటే నా వృత్తి మొత్తం నిలబడేది రాతలో నిజాయతీ మీదే. ల్యాబ్‌లో తూకం వేసిన క్షణాన, ఆ కాగితం మీదే, వేసినవాళ్లే రాయాలి. నిన్నటి విలువను ఇవాళ్టిదిగా రాస్తే ఉద్యోగం పోతుంది. పొరపాటు పడితే వైట్‌నర్ పూయకూడదు, దిద్ది రాయకూడదు. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, కారణం రాసి, సంతకం, తేదీ వేయాలి. ఇవన్నీ నాకు నేర్పింది ఆ సారే. ఆయన పేరు పక్కనే నేను 2021 నాటి సంగతిని ఇవాళ్టిదిగా రాశాను.

పది నిమిషాల్లో మేడంకి నేనే ఫోన్ చేసి, తెలుసునని, తెలిసే రాశానని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మూడు పనిదినాల్లో రాతపూర్వకంగా ఇవ్వమంది.

యూఏఎన్ సర్వీస్ హిస్టరీ చూపిస్తే చాలనుకున్నాను మొదట. అందులో ఏ సంస్థలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నదే ఉంటుంది. ఎవరి కింద, ఎలా పనిచేశామన్నది ఉండదు. నా రా డేటా మీద 'పరిశీలించినవారు' అన్నచోట ఆయన సంతకాలు వందల కొద్దీ ఉన్నాయి, కానీ ఆ కాగితాలు కంపెనీవి, గేటు దాటి రావు. నా చేతిలో ఉన్నవి ఆయన సంతకంతో ఉన్న రెండు అప్రైజల్ లెటర్లు. నేను ఆయన కిందే ఉన్నానని అవి చెప్తాయి. ఎలాంటి పనిమంతురాలినో ఆయన నోటి నుంచే రావాలి.

పాత సహోద్యోగిని అడిగి సార్ సొంత నంబరు తీసుకున్నాను. ఆదివారం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర స్కైవాక్ కింద కలిశాం. అంతా విని, టీ గ్లాసు గోడ మీద పెట్టి అన్నారు: "అడక్కుండా నా పేరు రాశావని కాదమ్మా. నేను లేని కుర్చీలో నన్ను కూర్చోబెట్టావు."

తర్వాత ఆయనే దారి చెప్పారు. ఇప్పుడున్న కంపెనీ ఐడీ నుంచి బయటివాళ్ల గురించి రాయడానికి అక్కడి నిబంధన ఒప్పుకోదట. సొంత మెయిల్ నుంచి రాస్తానని, ఫోన్‌లోనూ మాట్లాడతానని, 2022 దాకా తాను అక్కడ మేనేజర్‌నేనని పాత కంపెనీ హెచ్ఆర్‌ను అడిగి తేల్చుకోమని వాళ్లకు చెప్పమన్నారు. "నువ్వు ఏ పరికరాల మీద పనిచేశావో, ఏ ఏడు ఏ ఆడిట్‌లో కూర్చున్నావో ఒక పేజీ రాసి పంపు. ఎంతమందినో చూశాను, గుర్తున్నంతే చెప్తాను, లేనిది చెప్పను," అన్నారు. అడ్డం పడితే అడగడానికి ఇంకా అక్కడే ఉన్న క్యూఏ మేడం పేరు కూడా ఇవ్వమన్నారు. ఆ రాత్రే ఆమెకు ఫోన్ చేసి, అనుమతి అడిగి, రెండో పేరుగా చేర్చాను.

సోమవారం పొద్దున ఆ పేజీ ప్రింటు తీసి, తప్పు గడుల మీద కింది అక్షరాలు కనబడేలా ఒక్కొక్క గీత కొట్టాను. హోదా గడిలో 'నాటి మేనేజర్, క్యూసీ. 2022లో సంస్థ విడిచారు' అని, సంస్థ గడిలో ఇప్పుడు ఆయన ఉన్న చోటు, సంబంధం గడిలో '2017 జూన్ నుంచి 2021 ఆగస్టు దాకా నేను వీరికి రిపోర్టు చేశాను' అని రాశాను. ఈమెయిల్ గడిలో ఆయన సొంత ఐడీ రాసి, అది ఎందుకో పక్కనే రాశాను. అప్రైజల్ లెటర్లు జతచేశాను.

చేరే తేదీ మూడు వారాలు వెనక్కి జరిగింది. నివేదికలో ఆ అంశం ఆకుపచ్చ కాలేదు, 'వివరణ అందింది' అన్న మాటతో పసుపుగానే ఉంది. నా ఫైల్లో ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది. గీత కొట్టిన ప్రతి గడి పక్కన కారణం రాయాల్సిన చోట ఒకే మాట రాశాను: తెలిసి తప్పు రాశాను. కింద సంతకం, తేదీ.