పావలానా, ముప్పై పైసలా?

మా ఊరి టూరింగ్ టాకీసు ఫొటో ఒకటి మొన్న ఎవరో బయటపెట్టారు. హైస్కూల్లో కలిసి చదివినవాళ్ళమంతా ఇప్పుడు ఫోనుల్లో ఒక గుంపుగా ఉన్నాం లెండి, అందులో. చదరపు ఫొటో, చుట్టూ తెల్ల అంచు. తాటాకు దడి, దాని వెనక గుడ్డ డేరా, దడికి ఆనించిన 'లవకుశ' పోస్టరు, పోస్టరు ముందు చొక్కా గుండీలు సరిగా పెట్టుకోని ముగ్గురు కుర్రాళ్ళు. అంత ఫొటో పెడితే వచ్చిన జవాబులేమిటి? దణ్ణం పెట్టే చేతులు కొన్ని, ఎర్ర గుండెకాయలు కొన్ని, 'సూపర్' అని ఒకరు. ఒకాయన మటుకు కాస్త ఓపిక చేసుకుని 'ఆ రోజులే వేరు' అని రాశాడు. ఏ రోజులయ్యా? ఎందులో వేరు? అది చెప్పకపోతే నీకు గుర్తున్నట్టా, మరిచిపోయినట్టా?

మా రోజుల్లో ఫొటో చూడటమంటే ఒక పూట పని. నల్ల అట్టల ఆల్బం, మధ్య మధ్య పల్చని కాగితం, అది తీసేటప్పుడు చప్పుడు. ఒడిలో పెట్టుకున్నది ఒక్కరైనా చుట్టూ పదిమంది మూగేవాళ్ళు. మా మేనత్త ఒక వేలు ఆనించి, "ఇది మీ బాబాయి పెళ్ళినాటిది, ఆ కుర్చీ మనది కాదు, కరణంగారింటి నుంచి తెచ్చింది" అనేది. వెంటనే మా అమ్మ, "కరణంగారిది కాదొదినా, ఆ ఏడు వాళ్ళు ఊళ్ళోనే లేరు" అనేది. ఇక ఆ కుర్చీ ఎవరిదో తేలేసరికి ఊరి చరిత్ర సగం బయటికొచ్చేది. 'ఎంత బాగుందో' అని పేజీ తిప్పేస్తే మా మేనత్త చేతిమీద ఒక్కటిచ్చేది.

సరే, చేతిలో ఫోను ఉంది కదా అని నేనే మొదలుపెట్టాను. ముందు తేదీ గొడవ తేల్చాలి. మా బ్యాచి లెక్కల వీరుడు ఒకడు పోస్టరు చూసి '1963 ఫొటో' అని తీర్పిచ్చేశాడు. 'లవకుశ' వచ్చింది 1963లోనే, కాదనను. కానీ టూరింగ్ టాకీసుకి కొత్త సినిమా ఎప్పుడొచ్చింది నాయనా? పట్నాల్లో ఆడి, తాలూకా ఊళ్ళల్లో ఆడి, గీతలు పడి తెరమీద వాన కురిసే స్థితికొచ్చాకే ఆ ప్రింటు మన డేరాకి చేరేది. పైగా ఫొటోలో డేరా పక్కన కరెంటు స్తంభం ఉంది, దానికి తీగె కూడా ఉంది. మన ఊళ్ళో కరెంటు వెలిగింది 1968లో. అంతకుముందు హాలుకి ఆయిలింజను తప్ప గతిలేదు. కాబట్టి ఆ ఫొటో 1968కి ఇవతలిదే. పోస్టరు మీదున్న సినిమా, ఫొటో ఇంతకంటే పాతది కాదని మాత్రం చెప్తుంది, అసలు ఏడాది చెప్పదు.

ఇంకో సంగతి. చదరపు ఫొటో కాబట్టి అది అగ్ఫా క్లిక్ త్రీ లాంటి డబ్బా కెమెరాతో తీసిందై ఉండొచ్చు. వాటికి రీలుకి పన్నెండే ఫొటోలు. పెళ్ళిళ్ళకీ బారసాలలకీ చాలని పన్నెండింటిలో ఒకటి ఈ తాటాకు దడి మీద ఖర్చుపెట్టిన మహానుభావుడెవరు? ఆ ముగ్గురూ ఎవరి పిల్లలు? ఈ రెండు ప్రశ్నలూ వేసి అప్పుడు అసలు జవాబు రాశాను. ఆ హాల్లో చూసిన సినిమాలన్నీ ఏకరువు పెట్టలేదు. అలా జాబితా చదివితే ఎదుటివాళ్ళకి 'అవునవును' అనడం తప్ప పని మిగలదు. ఒక్క రాత్రి రాశాను.

ఆ రాత్రి 'లవకుశ'. మూడున్నర గంటల సినిమా, అదీ రంగుల్లో. చుట్టుపక్కల ఊళ్ళనుంచి బండ్లు కట్టుకొచ్చారు, బళ్ళల్లో గడ్డి పరిచి పిల్లల్ని దానిమీద పడుకోబెట్టి మరీ. డేరాకి పక్కలు పూర్తిగా మూతపడవు కాబట్టి పగలు ఆట ఉండదు, పొద్దుగూకితేనే మొదటాట. మైకులో ఘంటసాల గారి వెంకటేశ్వరస్వామి పాట వేశారంటే టిక్కెట్లు ఇవ్వబోతున్నారని గుర్తు. ఆ పాట వినబడగానే మా నాన్న చేతిలో అన్నం ముద్ద కూడా తొందరపడేది.

మాది నేల టిక్కెట్టు. ఇసుక మీద కూర్చోవడం. ముందువాడి తల అడ్డమొస్తే ఇసుక పోగుచేసి దిబ్బ కట్టుకుని దానిమీద కూర్చునేవాళ్ళం. మా వెనకవాడు ఇంకా ఎత్తు దిబ్బ కట్టేవాడు. ఆట సగమయ్యేసరికి వెనకాల నేల గుంటలు పడి బెంచీలవాళ్ళు తిట్లు మొదలెట్టేవారు. హాలుకి ఉన్నది ఒకటే ప్రొజెక్టరు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. ఆ లెక్కన 'లవకుశ'కి పందొమ్మిది రీళ్ళయినా ఉంటాయి. కొన్నేసి కలిపి పెద్ద చక్రానికి చుట్టుకున్నా మధ్యలో మూడు నాలుగుసార్లు ఆపక తప్పదు. రీలు చివరికొచ్చేముందు తెరమీద పైన కుడి మూల ఒక చుక్క తళుక్కుమని మాయమయ్యేది, కాసేపటికి ఇంకొకటి. అవి రెండు ప్రొజెక్టర్లున్న హాళ్ళల్లో మిషను మార్చమని ఆపరేటరుకి చేసే సైగలు. మాకు మాత్రం పందెం. ఆగుతుందా, ఆగదా? బెట్టు ఒక సిగరెట్టు పెట్టె అట్ట.

ఆ రాత్రి ఎవరి పందెమూ నెగ్గలేదు. సీతమ్మని అడవిలో దింపే చోట, ఆడవాళ్ళ వైపు ముక్కులు చీదే శబ్దం మొదలైన చోట, వెలుగు ఎర్రబారింది. మిషనులో రెండు కార్బను కడ్డీలు మొనకి మొన చేర్చి మండిస్తే వచ్చే వెలుగు అది. కడ్డీలు అరిగి మధ్య ఎడం పెరుగుతుంటే ఆపరేటరు దగ్గరుండి జరుపుతూ ఉండాలి. ఆయన బీడీకి బయటికి వెళ్ళాడనుకోండి, తెరమీద రాములవారు కూడా మసకబారాల్సిందే. ఈలలు, కేకలు. ఆయన పరిగెత్తుకొచ్చి కడ్డీలు సర్దాడు. ఆ కంగారులో ఫిలిం ఎక్కడో పట్టుకుంది. కదలక నిలిచిపోయిన బొమ్మ మధ్యలో గోధుమరంగు మచ్చ లేచి, బుడగలు కట్టి, చుట్టూ పాకి, తెరంతా తెల్లబోయింది. నా పక్కన కూర్చున్న ముసలమ్మ అది కథలో భాగమేననుకుని, "పాపం, అడివి తగలబడిపోయింది తల్లో" అని ఏడుపు అందుకుంది.

కాలినంత మేర కత్తిరించి, అంచు గీకి, సిమెంటు పూసి అతికించి మళ్ళీ ఆడించారు. మర్నాడు పొద్దున్నే మేం కేబిను వెనక చెత్తలో వెతుక్కున్నాం. నాకు మూడు బొమ్మల ముక్క దొరికింది. మాడిపోయిన బల్బు మూతి విరగ్గొట్టి, లోపలి సరంజామా తీసేసి, నీళ్ళు నింపి, చీకటి గదిలో దాని ముందు ఆ ముక్క తలకిందులుగా పట్టుకుని, బయటినుంచి అద్దంతో ఎండ లోపలికి కొడితే మా నాన్న పంచె మీద సీతమ్మ తల్లి నిలబడింది. తలకిందులుగా ఎందుకంటే, నీళ్ళ బల్బు బొమ్మని తిరగేస్తుంది కాబట్టి. ఆ కిటుకు నాకు ఎవరు చెప్పారో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

అక్కడ ఆపేసి, కింద రాశాను. ఆ కిటుకు చెప్పిన వాడు ఈ గుంపులోనే ఉంటే చెయ్యెత్తండి. బయటినుంచి అద్దం పట్టింది ఎవరు? మీరు నేలా, బెంచీనా, కుర్చీయా? నేల పావలా అని నా గుర్తు.

'గుర్తుందా' అని అడగలేదు చూశారా. అలా అడిగితే 'ఉంది' అంటారు, అక్కడికి సరి. నేలా బెంచీనా అంటే మనిషన్నవాడు ఏదో ఒకటి చెప్పాలి, చెప్పాక ఎవరితో వెళ్ళాడో కూడా చెప్తాడు. ఇంకో జాగ్రత్త కూడా పడ్డాను. దడి కింద దూరి టిక్కెట్టు లేకుండా వచ్చేవాడొకడు మా క్లాసులో ఉండేవాడు. ఆయన ఇప్పుడు పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, మనవలతో సహా ఈ గుంపు చదువుతున్నాడు. ఆ సంగతి ఆయన చెప్పుకుంటే ముచ్చట, నేను చెప్తే చాడీ. అందుకని దడి ఊసే ఎత్తలేదు. సాయంత్రానికి ఆయనే ఎత్తాడు, దూరేటప్పుడు ఈత ముల్లు వీపున దిగిన వైనంతో సహా.

అప్పటినుంచి మొదలైంది వరద. ముగ్గురు కుర్రాళ్ళలో ఎడమవైపు వాడు సోడా కొట్టు వాళ్ళ రెండో అబ్బాయని తేలింది. కుడివైపు వాడు నేనేనని ఒకాయన, కాదు మా అన్నయ్యని ఒకావిడ ఇప్పటికీ తగువాడుతున్నారు. పాటల పుస్తకాల్లో కథ సగం చెప్పి, మిగతాది తెరమీద చూడమని కోసేసేవారే, ఆ పుస్తకాలు దాచుకున్న మనిషి ఒకరు బయటపడ్డారు. కానీ నాకు అన్నిటికంటే కొత్తగా తెలిసిన సంగతి మా బ్యాచి ఆడపిల్ల ఒకావిడ రాసింది. డెబ్బై దాటిన ఆవిడని ఆడపిల్ల అంటే ఏమీ అనుకోదులే. "మీరంతా నేలా బెంచీ అంటున్నారు. నన్ను ఆ హాలుకి ఒక్కసారీ పంపలేదు. మా ఇల్లు డేరాకి రెండు వీధుల అవతల. ఎండాకాలం అరుగుమీద మంచాలేసుకుంటే సినిమా మొత్తం వినిపించేది. ఆ సినిమాలన్నీ నాకు వినికిడే. పెళ్ళయ్యాక పట్నంలో 'లవకుశ' చూస్తే, నేననుకున్న అడివి అది కాదు" అని.

ఆమె అది రాశాక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కలిశారు. మాకూ అంతే, రెండో ఆటకి పంపేవాళ్ళు కాదు, మొదటాటకి పెద్దవాళ్ళ తోడు దొరికితేనే అన్నారు. ఇన్నేళ్ళూ 'ఊరంతా కదిలొచ్చేది' అని మగవాళ్ళం చెప్పుకుంటున్నామే, ఆ ఊరిలో అరుగుల మీద ఉండిపోయినవాళ్ళు లెక్కలోకి రాలేదన్నమాట. దీనికి దణ్ణం చేతులు పెట్టినవాడు లేడు, అదొక్కటి నయం.

అద్దం పట్టింది ఎవరో ఇంకా తేలలేదు. టిక్కెట్టు మీద మాత్రం రెండు పార్టీలయ్యాయి. పావలా అని మేం, కాదు ముప్పై పైసలని బెంచీలవాళ్ళు. నేలమీద ఎప్పుడూ కూర్చోనివాళ్ళకి నేల ధర ఎలా తెలుసని నేనడిగాను. పన్ను పెంచాక ముప్పై అయిందని ఒకడు మధ్యస్తం చేయబోయాడు. ఎప్పుడు పెంచారో, ఏ సినిమాకి మొదట ముప్పై ఇచ్చాడో చెప్పమన్నాను. వాడు ఆలోచించుకుంటున్నాడు. ఈలోగా తెల్లవారింది, ఎవరో గులాబీ పువ్వు బొమ్మ పెట్టి శుభోదయం చెప్పారు. దాని కింద వరసగా పదకొండు పువ్వులు. ముప్పై పైసలవాడి జవాబు ఆ పూల కింద ఎక్కడో పడి ఉంటుంది, వెతుకుతున్నాను.