ముందురోజు మార్చాల్సిన అంకె

డీఎన్ఎస్ ప్యానెల్‌లో ఐపీ అడ్రస్, దాని పక్కనే టీటీఎల్ ఒకే వరసలో ఉంటాయి. కింద సేవ్ బటన్ ఒక్కటే. నేను ఆ రెండు గళ్లనూ ఒకేసారి మార్చి సేవ్ నొక్కాను. నా తెలివితక్కువతనం అంతా అక్కడే ఉంది. సర్వర్లు చూసుకోవడమే నా బతుకుతెరువు. టీటీఎల్ అంటే తెలియక చేసిన పని కాదది, తెలుసనుకుని చేసింది. అందుకే ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక కుటుంబానికి వెబ్‌సైటు ఉంది. పండగ రద్దీని పాత సర్వర్ తట్టుకోలేదని, సైటును ఇంకో సర్వర్‌కు మార్చే పని నాకు అప్పగించారు. ఆ సైటులో ప్రతి చీరా ఒక్కటే. మగ్గం మీంచి దిగిన చీరకు అచ్చంగా అలాంటిదే ఇంకొకటి ఉండదు. ఎవరైనా కొన్న క్షణమే అది పేజీలోంచి తొలగిపోవాలి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. దానికీ టీటీఎల్‌కూ ఉన్న సంబంధం మాత్రం తట్టలేదు.

మార్చడానికి ముందు రికార్డు ఇలా ఉంది. పేరు, అడ్రసులు ఇక్కడ నమూనాకే రాస్తున్నాను, అంకెల పద్ధతి మాత్రం అదే.

```
$ dig example.com A +noall +answer @ns1.example.net
example.com.  86400  IN  A  192.0.2.10
```

86400 అంటే సెకన్లలో ఒక రోజు. అది ఎక్కువేనని నాకూ అనిపించింది. అందుకే రాత్రి డేటాబేస్ కొత్త సర్వర్‌కు కాపీ చేశాక, అడ్రస్ 203.0.113.20గా, టీటీఎల్ 300గా మార్చాను. 300 సెకన్లంటే అయిదు నిమిషాలు. అయిదు నిమిషాల్లో అందరూ కొత్త సర్వర్‌కు వచ్చేస్తారనుకున్నాను.

అసలు జరిగేది వేరు. కొనేవాళ్ల ఫోన్ మన నేమ్‌సర్వర్‌ను నేరుగా అడగదు. వాళ్ల ఇంటర్నెట్ కంపెనీ నడిపే రిజాల్వర్‌ను అడుగుతుంది. ఆ రిజాల్వర్ మన నేమ్‌సర్వర్ దగ్గరికొచ్చి జవాబు పట్టుకెళ్తుంది. అడ్రస్‌తో పాటు, ఆ జవాబును ఎన్ని సెకన్లు దగ్గర ఉంచుకోవచ్చో చెప్పే అంకె కూడా దాంతో వెళ్తుంది. అంత సమయం గడిచేదాకా అది మళ్లీ మన దగ్గరికి రాదు. ఎంతమంది అడిగినా తన దగ్గరున్నదే చెబుతుంది. నేను సేవ్ నొక్కడానికి పది నిమిషాల ముందు ఒక రిజాల్వర్ వచ్చి వెళ్లిందనుకుందాం. దాని చేతిలో ఉన్నది పాత అడ్రస్, దానికి 86400 గడువు. నేను రాసిన 300 దాని కంటపడేది మర్నాడు రాత్రే. మందుల షాపులో అమ్ముడైపోయిన మాత్రల అట్ట మీద గడువు తేదీని, షాపులో మిగిలిన అట్టల మీద దిద్ది మార్చలేం కదా. నేను చేయబోయింది సరిగ్గా అదే.

టీటీఎల్ తగ్గించడమనేది కూడా ఒక మార్పే. పాత టీటీఎల్ గడిస్తేగాని ఆ మార్పు సంగతి అందరికీ తెలియదు. ఈ ఒక్క వాక్యాన్ని ఆ రోజు కాగితం మీద రాసుకుని ఉంటే, ఆ రెండు గళ్లనూ ఒకేసారి మార్చేవాణ్ణి కాదు.

నన్ను ఇంకా మోసపుచ్చింది నా పరీక్షే. సేవ్ చేశాక నా ల్యాప్‌టాప్‌లో సైటు తెరిచాను, కొత్త సర్వరే వచ్చింది. ఫోన్‌లోనూ అంతే. పని అయిపోయిందని పడుకున్నాను. నా ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ వాడేది ఒకే పబ్లిక్ రిజాల్వర్‌ను. ఆ సైటు పేరు దానికి అప్పటికి గుర్తులేదు కాబట్టి కొత్తగా వచ్చి అడిగింది, కొత్త జవాబే పట్టుకెళ్లింది. ఒక్క రిజాల్వర్ చెప్పిన మాటను దేశంలోని రిజాల్వర్లన్నీ చెప్పినట్టు తీసుకున్నాను. నేను చూడాల్సింది ఇంటి బ్రాడ్‌బ్యాండ్ వాళ్ల రిజాల్వర్‌ను. `@` ఏమీ పెట్టకుండా ఆ కనెక్షన్ మీద ఆ కమాండే నడిపి ఉంటే ఇలా కనిపించేది:

```
$ dig example.com A +noall +answer
example.com.  51840  IN  A  192.0.2.10
```

ఇక్కడ 51840 రికార్డులో రాసిన టీటీఎల్ కాదు, ఆ రిజాల్వర్ దగ్గర ఇంకా మిగిలిన గడువు. పది సెకన్లాగి మళ్లీ అడిగితే 51830 అంటుంది. అంటే ఇంకా పద్నాలుగు గంటల పైచిలుకు అది పాత అడ్రసే చెబుతుంది. నేమ్‌సర్వర్‌ను నేరుగా అడిగితే ఎప్పుడూ నిండు అంకే వస్తుంది, రిజాల్వర్‌ను అడిగితే తరిగే అంకె వస్తుంది. ఏది చూస్తున్నామో తెలుసుకోవడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు. అయితే అందరూ రోజంతా ఉంచుకోరు. కొన్ని పెద్ద పబ్లిక్ రిజాల్వర్లు సొంతంగా గరిష్ఠ పరిమితి పెట్టుకుని కొన్ని గంటలకే వదిలేస్తాయి. ఒకరికి కొత్తది, పక్కింటివాళ్లకు పాతది కనిపించడానికి ఇదీ ఒక కారణం.

పొద్దున్నే దుకాణం యజమాని ఫోన్ చేశారు. "బాబూ, ఒకే చీరకు ఇద్దరు డబ్బు కట్టారయ్యా. ఇదెట్లా?" అన్నారు. ఒకరు పాత సర్వర్‌లో, ఒకరు కొత్త సర్వర్‌లో కొన్నారు. రాత్రి డేటాబేస్ కాపీ చేసినప్పుడు ఆ చీర రెండు చోట్లా అమ్మకానికే ఉంది. ఆ తర్వాత ఒక డేటాబేస్‌లో జరిగింది ఇంకొకదానికి తెలిసే దారి లేదు. పాత సర్వర్ ఆపలేదు కదా, ఎవరికీ సైటు పోదని ధీమాగా ఉన్నాను. రెండూ ఆర్డర్లు తీసుకుంటే ఏమవుతుందో ఆలోచించలేదు.

కంగారులో రెండో తప్పు చేశాను. పాత సర్వర్‌లో వెబ్ సర్వర్‌ను ఆపేశాను. ఆర్డర్లు రెండుగా చీలడం ఆగింది, కానీ పాత అడ్రస్ పట్టుకున్నవాళ్లకు ఇప్పుడు సైటే తెరుచుకోవడం లేదు. "ఇప్పుడసలు రావట్లేదంటున్నారండీ మా వాళ్లు" అని ఆవిడ కోడలు అదే ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు.

అప్పటికి చేయగలిగింది ఒక్కటే మిగిలింది: పాత సర్వర్ తలుపు తెరిచే ఉంచి, వచ్చినవాళ్లను లోపలినుంచే కొత్త సర్వర్‌కు పంపడం. దానికి ఎన్‌జిన్‌ఎక్స్‌లో నాలుగు వరసలు చాలు.

```
location / {
    proxy_pass https://203.0.113.20;
    proxy_set_header Host $host;
    proxy_ssl_server_name on;
    proxy_ssl_name $host;
}
```

పాత సర్వర్‌లో సర్టిఫికెట్ ఇంకా ఉంది కాబట్టి కొనేవాళ్ల బ్రౌజర్‌కు తేడా తెలియదు. అడ్రస్ పాతదైనా ఆర్డర్ వెళ్లేది కొత్త డేటాబేస్‌కే. ఇది పెట్టాక టీటీఎల్ ఎంతున్నా ఆర్డర్లు చీలవు. రాత్రి డేటాబేస్ కాపీ కాగానే పాత సర్వర్‌లో ఈ వరసలు పెట్టి ఉంటే, నేను చేసిన మొదటి తప్పు ఎవరికీ నష్టం కలిగించేది కాదు. ఆ రాత్రి పాత సర్వర్‌లో పడిన ఆర్డర్లను ఒక్కొక్కటే చూసి కొత్తదాంట్లో ఎక్కించాను. చీర దక్కనివారికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పింది మాత్రం యజమాని. తప్పు నాది, మాట పడింది ఆవిడ.

ఇప్పుడు అదే పని చేయాల్సి వస్తే వెనక నుంచి ముందుకు లెక్క వేస్తాను. శనివారం రాత్రి 11 గంటలకు అడ్రస్ మార్చాలి. పాత టీటీఎల్ 86400. అంటే శుక్రవారం రాత్రి 11 లోపే టీటీఎల్‌ను 300కు దించాలి, అడ్రస్‌ను ముట్టుకోకూడదు. నేను మాత్రం శుక్రవారం మధ్యాహ్నమే దించేస్తాను. ఎందుకంటే డొమైన్‌కు ఒకటికి మించి నేమ్‌సర్వర్లుంటాయి, మార్పు అన్నింటికీ ఒకే క్షణంలో చేరకపోవచ్చు. అన్ని నేమ్‌సర్వర్లనూ విడివిడిగా `dig`తో అడిగి, ఆఖరిది కూడా 300 చెప్పాకే గడియారం మొదలైనట్టు. ఆ నిమిషానికి ముందు జవాబు పట్టుకెళ్లిన రిజాల్వర్ కూడా ఇరవైనాలుగు గంటల తర్వాత తిరిగి వస్తుంది, ఈసారి 300తో వెళ్తుంది. శనివారం రాత్రికి టీటీఎల్‌ను పాటించే ఏ రిజాల్వర్ దగ్గరా అయిదు నిమిషాలకు మించిన పాత జవాబు ఉండదు. అప్పుడు అడ్రస్ మార్చాలి. కొత్త సర్వర్‌లో ఏదైనా బెడిసికొడితే వెనక్కి రావడానికీ అయిదు నిమిషాలే.

దించాల్సింది ఒక్క రికార్డు కాదని కూడా ఆ అనుభవంతోనే నేర్చుకున్నాను. `www`కు విడిగా `A` రికార్డు ఉంటే దాని టీటీఎల్ దానిదే. ఐపీవీ6 అడ్రస్ చెప్పే `AAAA` రికార్డు ఇంకా ముఖ్యం, ఎందుకంటే మన మొబైల్ నెట్‌వర్కుల్లో చాలా ఫోన్లు ఐపీవీ6 మీదే నడుస్తాయి. `A` మార్చి `AAAA` మరిచిపోతే, ఆ ఫోన్లు టీటీఎల్ ఎంత గడిచినా పాత సర్వర్‌కే వెళ్తాయి. ఎదురుచూస్తే తీరే సమస్య కాదది. అడ్రస్ మార్చే రోజే నేమ్‌సర్వర్లను కూడా మార్చడం ఇప్పుడు పూర్తిగా మానేశాను. డాట్‌కామ్ పేర్లకు నేమ్‌సర్వర్ ఫలానా అని చెప్పే రికార్డు పై మెట్టులో ఉంటుంది, దాని టీటీఎల్ 172800, అంటే రెండు రోజులు. దాన్ని తగ్గించడం మన చేతిలో లేదు.

టీటీఎల్‌ను ఖాతరు చేయనివీ ఉంటాయి. మరీ చిన్న అంకె వస్తే దాన్ని పెంచుకుని వాడే రిజాల్వర్లు ఉన్నాయి. మొదలైనప్పుడు ఒక్కసారి అడ్రస్ తెలుసుకుని, మళ్లీ అడగకుండా రోజుల తరబడి నడిచే ప్రోగ్రాములూ ఉన్నాయి. కాబట్టి పాత సర్వర్‌ను ఆపడానికి నేను క్యాలెండర్ చూడను, దాని యాక్సెస్ లాగ్ చూస్తాను. మనుషులు రావడం మాని బాట్లు మాత్రమే మిగిలాయని కనిపించాకే ఆపుతాను.

ఇక 300ను అలాగే వదిలేయకూడదు. టీటీఎల్ చిన్నదైతే నేమ్‌సర్వర్లు ఒక గంట పడిపోయినా, అయిదు నిమిషాల తర్వాత సైటు చాలామందికి దొరకదు. పెద్దదైతే రిజాల్వర్లు దాచుకున్న జవాబుతో ఆ గంట గడిచిపోతుంది. అలాగని మళ్లీ 86400కు వెళ్లలేదు. ఆ సైటుకు ఇప్పుడు 3600 ఉంచాను. ఈసారి అడ్రస్ మార్చాల్సి వస్తే ఒక గంటా, కాస్త అదనపు సమయమూ ముందు దించితే చాలు.