అర్జీ మూశారు, పింఛను తెరవలేదు

ముఖ్యమంత్రిగారి ఫిర్యాదుల విభాగానికి రాసే ఉత్తరం ఒక్క పేజీ దాటకూడదని అనుభవజ్ఞులు చెబుతారు. పింఛను ఫైలు మాత్రం ఎంత లావెక్కినా ఎవరికీ అభ్యంతరం లేదు. దాన్ని ఎవరూ చదవరు కనుక.

తిరువూరులో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన ఒకాయన ఉన్నారనుకోండి. 1990ల్లో కొన్నేళ్లు చాట్రాయిలో పనిచేశారు. ఆ కాలానికి సర్వీసు రిజిస్టరులో పడాల్సిన వెరిఫికేషన్ సంతకం పడలేదు. రిజిస్టరు అకౌంటెంట్ జనరల్ ఆఫీసు దాకా వెళ్లి, ఒక్క వాక్యపు అభ్యంతరంతో వెనక్కొచ్చింది. ఆ రోజుల్లో రెండు ఊళ్లూ కృష్ణా జిల్లాలోనే ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోతే తిరువూరు ఎన్టీఆర్ జిల్లాకు, చాట్రాయి ఏలూరు జిల్లాకు వెళ్లాయి. ఇప్పుడాయన సంతకం ఒక జిల్లాలో, పాత రికార్డు ఇంకో జిల్లాలో, ఆకలి మూడో జిల్లాలో. పాపం, తానే ఎన్నో అర్జీల మీద ‘పరిశీలనలో ఉన్నది’ అని రాసిన చెయ్యి అది. తన అర్జీ మీద అదే మాట చూసి దస్తూరీ బాగోలేదన్నారట.

ఆయన రాసిన మొదటి ఉత్తరం నాలుగు పేజీలు. మొదటి పేజీ నిండా ముఖ్యమంత్రిగారి కీర్తి, రెండోదాంట్లో భార్య షుగరు, మూడోదాంట్లో కొడుకు ఉద్యోగం. చాట్రాయి నాలుగో పేజీలో, అదీ చివర్లో, బస్సు దిగుతున్న ప్రయాణికుడిలా కనిపిస్తుంది. ‘దయతో’ అన్న మాటలే పదకొండు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాభిక్ష కాదని చెప్పింది. ఆ తేదీన పింఛనుదారుల దినం జరుపుతారు, శాలువాలు కప్పుతారు, మర్నాడు మళ్లీ ‘దయతో’ అని రాయిస్తారు.

అన్నీ కొట్టేస్తే మిగిలే పేజీ ఇలా ఉంటుంది. విషయం: ఫలానా తేదీన రిటైరయ్యాను, ఇప్పటికీ పీపీఓ రాలేదు. కారణం: చాట్రాయి కాలపు వెరిఫికేషన్ లేదన్న అభ్యంతరం, దాని నంబరు, తేదీ. ఫైలు ప్రస్తుతం ఫలానా కార్యాలయంలో ఫలానా సెక్షనులో ఉంది. కోరేది: ఆ కాలపు జీతాల బిల్లులు, ట్రెజరీ రికార్డు చూసి ధ్రువీకరించండి, అది తేలేదాకా ప్రొవిజనల్ పింఛను ఇవ్వండి, పీపీఓ నంబరు రాయకుండా ఈ అర్జీని పరిష్కారమైనట్లు చూపకండి. ఆలస్యానికి వడ్డీ కూడా అడగొచ్చు. 2020లో కరోనా పేరుతో మన రాష్ట్రం ఆపిన జీతాలు, పింఛన్లకు 6 శాతం చొప్పున వడ్డీ చెల్లించమని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. షుగరు గురించి ఒక్క వాక్యం ఉంచుకోండి. తొందర ఎందుకో చెప్పడానికి అది చాలు.

ఇక ఆ పేజీ ప్రయాణం చూడాలి. సచివాలయం నుంచి శాఖకు, శాఖ నుంచి కలెక్టరేటుకు, కలెక్టరేటు నుంచి డివిజనుకు దిగి, చివరికి ఏ బల్ల మీద ఫైలు పడుకుందో ఆ బల్లకే చేరుతుంది. ఎవరి మీద ఫిర్యాదో వారే నివేదిక రాస్తారు. దొంగను పట్టివ్వమంటే దొంగనే పంచాయతీ పెట్టమన్నట్టు. ఆ గుమస్తా మంచివాడే. గడువు లోపల జవాబు పోకపోతే పైవాళ్లు అడుగుతారు, పింఛను పోకపోతే ఎవరూ అడగరు. కనుక ‘తగు చర్య నిమిత్తం సంబంధిత అధికారికి పంపడమైనది’ అని కొట్టి మూసేస్తాడు. ఆ సంబంధిత అధికారి పక్క కుర్చీలో టీ తాగుతుంటాడు.

పాలకులకు ఓపిక లేదనకండి. మీకోసం అన్నారు, స్పందన అన్నారు, 2023లో జగనన్నకు చెబుదాం అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. బోర్డు మారిన ప్రతిసారీ మనవాడు కొత్త అర్జీ పెట్టాడు. ప్రతిసారీ కొత్త నంబరు వచ్చింది. అర్జీ నంబర్లకు డబ్బులిచ్చే జీవో ఏదైనా ఉంటే ఈపాటికి ఆయన లక్షాధికారి.

ఒక రోజు ఫోను మోగుతుంది. మీ సమస్య పరిష్కారమైంది, సంతృప్తి చెందారా అని అడుగుతారు. మొహమాటానికి ‘అవును’ అనేసేవాళ్లు చాలామంది. మన అసిస్టెంటుగారు అనలేదు. ‘పీపీఓ నంబరు చెప్పండి, రాసుకుంటాను’ అన్నారు. అవతలివాళ్లు ఆ గడి తమ ఫారంలో లేదన్నారు.