చెవికి పుట్టిల్లు, కాగితానికి మెట్టిల్లు

మనిషికి పాస్‌పోర్టు కావాలంటే పోలీసు విచారణ ఉంటుంది, పాత చిరునామా ఉంటుంది, ఇంటిపేరులో ఓ అక్షరం తేడా ఉంటుంది. బ్రిటన్‌లో పుట్టే దూడకి ఈ బాధలేవీ లేవు. చెవికి బిళ్ళ వేసి, యజమాని గడువులోగా దరఖాస్తు పెడితే చాలు, వర్కింగ్‌టన్ అనే ఊళ్లోని దఫ్తరు నుంచి దాని పేరిట పాస్‌పోర్టు వచ్చేస్తుంది. పేరిట అంటే పేరు కాదు లెండి, నంబరు. అక్కడ గోమాతని లక్ష్మీ, గౌరీ అని పిలిస్తే కుదరదు. ఉదాహరణకి UK 123456 600412 అని పిలవాలి. (ఈ నంబరు నేను కల్పించింది. ఏ ఆవునీ నొప్పించే ఉద్దేశం లేదు.)

అందులో మొదటి రెండక్షరాలు దేశం. ఐర్లండ్‌లో పుట్టిన దూడ చెవికి IE అని ఉంటుంది. దాన్ని ఇంగ్లండ్‌కి అమ్మినా IE అనే ఉంటుంది. తర్వాతి ఆరంకెలు మంద గుర్తు, అంటే అది పుట్టిన పశువులశాల. చివరి అయిదంకెలు ఆ మందలో దాని వరస. మా ఉదాహరణలో ఆ దూడ 412వది.

ఇక్కడ ఓ చిన్న విషయం గమనించాలి. ఆ నంబరు మొత్తం పుట్టింటి సంగతే చెబుతుంది. ఇప్పుడు ఎక్కడ మేస్తోందో, నడుమ ఎన్ని సంతలు తిరిగిందో ఒక్క ముక్క చెప్పదు. మెట్టినిల్లు తెలుసుకోవాలంటే రికార్డులు తిరగేయాల్సిందే. పశువు గేటు దాటిన ప్రతిసారీ అమ్మినవాడూ కొన్నవాడూ 3 రోజుల్లో కబురు పెట్టాలని అక్కడి చట్టం. వాళ్లు పెట్టకపోతే, చెవికి ఎంత అందమైన బిళ్ళ ఉన్నా ఆవు మాయమైనట్టే లెక్క.

మరి పుట్టింటి మీదే అంత మమకారం దేనికంటే, పిచ్చి ఆవుల రోగం వల్ల. ఆ రోగం ఒక ఆవు నుంచి పక్క ఆవుకి తుమ్మితే రాదు. దూడగా ఉన్నప్పుడు తిన్న దాణాలోంచి వస్తుంది. గడ్డి తినే జంతువుకి చచ్చిన పశువుల మాంసం, ఎముకల పొడి కలిపిన దాణా పెట్టడం ఆర్థికశాస్త్ర రీత్యా గొప్ప ఆలోచన అని ఆ దేశంలో చాలామంది పెద్దలు నమ్మారు. ఏళ్ల తరబడి లోపలే నక్కి ఉండి, నాలుగైదేళ్లకి ఆవు తూలిపడ్డప్పుడు గానీ రోగం బయటపడదు. అలా లక్షా ఎనభై వేలకి పైగా పశువులకి రోగం నిర్ధారించారు. 1996 మార్చిలో, ఇది మనుషులకీ అంటుకుని ఉండొచ్చని ప్రభుత్వం పార్లమెంటులో ఒప్పుకుంది. ఆ జులైలోనే ఆవులకి పాస్‌పోర్టులు మొదలయ్యాయి. చాన్నాళ్లు తప్పుగా మేపాక, రాయడం మాత్రం చకచకా నేర్చుకున్నారు.

అయితే ఆ రాత పనికొచ్చింది. 2018 అక్టోబరులో స్కాట్లండ్‌లోని అబెర్డీన్‌షైర్‌లో ఒక ఆవుకి ఈ రోగం బయటపడింది. అధికారులు చేసేది ఇంతే: చెవి నంబరు చూస్తారు, మంద గుర్తు పట్టి అది పుట్టిన చోటు పట్టుకుంటారు, దాని పుట్టుకకి ఏడాది అటూ ఇటూ అదే మందలో పుట్టి అదే దాణా తిన్న తోటి దూడల జాబితా తీస్తారు. ఆ జాబితాలోని ఒక్కొక్కటీ ఇప్పుడు ఎక్కడుందో రాకపోకల రికార్డులో వెతుకుతారు. రోగం వచ్చిన ఆవు సంతానాన్నీ వెతుకుతారు. చెవి మొదటి సగం పని చేస్తుంది, కాగితం రెండో సగం.

మా ఉదాహరణ నంబరులో మంద గుర్తుకీ వరసకీ మధ్యలో ఆ 6 ఏమిటని అడిగారా? అది కాపలా అంకె. మిగతా అంకెలని 7తో భాగించే లెక్కలోంచి పుడుతుంది, ఒకటి నుంచి ఏడు దాకానే ఉంటుంది. 412కి 6 అయితే 413వ దూడకి 7, 414వ దానికి మళ్లీ 1. గుమాస్తా 412 బదులు 415 అని కొట్టాడనుకోండి, దానికి 2 ఉండాలి గదా అని కంప్యూటరు తిప్పికొడుతుంది. కానీ పేడ అంటుకున్న బిళ్ళ మీద 2ని 9గా చదివి 419 అని కొడితే? సరిగ్గా ఏడు తేడా. కాపలాదారు సలాం కొట్టి లోపలికి పంపేస్తాడు. ఒకటికీ ఎనిమిదికీ, సున్నాకీ ఏడుకీ మధ్య కూడా ఇదే మర్యాద. రెండు చెవులకీ ఒకే నంబరు వేయిస్తారు గనక, ఒకటి మసకబారితే రెండోది చూసుకోవచ్చు.

గడువు సంగతి ఇంకా మజా. బిళ్ళ 20 రోజుల్లో, పాస్‌పోర్టు దరఖాస్తు పుట్టిన 27 రోజుల్లో. ఒక్కరోజు దాటినా పాస్‌పోర్టు ఇవ్వరు, నమోదు పత్రం మాత్రం చేతిలో పెడతారు. అంటే ఆ పశువు బతికి ఉందని ప్రభుత్వం ఒప్పుకుంటుంది గానీ, దాన్ని అమ్మడానికి వీల్లేదు, తినడానికి వీల్లేదు. పాలు మాత్రం పిండుకోవచ్చు. యజమాని బద్ధకం వల్ల కబేళా తప్పి, హాయిగా మేస్తూ పెరిగిన దూడలు ఆ దేశంలో ఉన్నాయన్నమాట. జీవకారుణ్య సంఘాలు ఎన్ని ఊరేగింపులు తీసినా సాధించలేనిది ఒక ఆలస్యపు ఉత్తరం సాధించింది.

నంబరు ఎంత పకడ్బందీగా ఉన్నా అది ఉండేది చెవి మీద, ఆవులో కాదు. క్షయ పరీక్షలో పట్టుబడ్డ పశువుని అక్కడ కబేళాకి పంపాలి. పాలు దండిగా ఇచ్చే ఆవే పట్టుబడితే? కొందరు పెద్దమనుషులు దాని బిళ్ళ ఊడదీసి ఎండిపోయిన ఆవుకి తగిలించి, దాన్ని పంపేశారు. రోగం ఉన్నది దొడ్లో పాలిస్తూ ఉండిపోయింది. ఇది తెలిసి 2011 నుంచి, పరీక్షలో పట్టుబడ్డ పశువుకి బిళ్ళ వేసేటప్పుడే చెవి నుంచి చిన్న మాంసపు ముక్క తీసి దాచుకోవడం మొదలుపెట్టారు. కబేళాలో అనుమానమొస్తే డీఎన్ఏ పోల్చి చూస్తారు. నమ్మకం తగ్గిన కొద్దీ చెవికి చిల్లులు పెరిగాయి.

మన పసుపు బిళ్ళల మాటకొస్తే, పన్నెండంకెలు ఉంటాయి, దేశం అక్షరాలుండవు. ఊరు, మంద అన్నవి ఆ అంకెల్లో చదువుకోవడానికి లేవు. గేదె వయసు, వేసిన టీకాలు, యజమాని పేరు అన్నీ భారత్ పశుధన్ అనే డేటాబేసులో ఉంటాయి. అంటే బ్రిటన్ బిళ్ళ పుట్టిల్లయినా చెబుతుంది, మనది ఏదీ చెప్పదు, రికార్డునే అడగమంటుంది. ఆ రికార్డు మార్చేవాళ్లు లేకపోతే, చేతులు మారి మూడు జిల్లాలు దాటిన గేదె కాగితం మీద ఇంకా పాత ఆసామి దొడ్లోనే నెమరేస్తూ ఉంటుంది. టీకా కబురు ఆయనకే పోతుంది. బీమా వాళ్లకైతే బిళ్ళ లేకపోతే గేదే లేదు.

కాబట్టి సంతలో పశువుని కొనే అయ్యల్లారా, పళ్లు చూడండి, పొదుగు చూడండి, తోక కూడా చూడండి, కానీ బేరం ముగిశాక ఆ పన్నెండంకెలూ చీటీ మీద రాసుకుని మీ ఊరి పశువైద్యశాలకి వెళ్లి, యజమాని పేరు మార్పించుకోండి.