రసీదు మొగుడు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ నేర్పని విద్య లేదు. కంప్యూటరు భాషల నుంచి ఇంటర్వ్యూలో చేతులెక్కడ పెట్టుకోవాలనే దాకా అన్నిటికీ బోర్డులున్నాయి. ఆ గాలి పక్కనే ఉన్న బల్కంపేటకు సోకకుండా ఉంటుందా? మా గల్లీలో సోకిన మనిషి పేరు అనవసరం. భార్య పెట్టిన పేరే చాలు: రసీదు మొగుడు. ఆవిడ ఏమన్నా సరే, ముందు ముట్టినట్టు రసీదు రాసిస్తాడు. సరుకు మాత్రం దించుకోడు.

ఈ జబ్బు ఆయనకు ఆఫీసులో తగులుకుంది. 'చురుగ్గా వినడం' మీద అరపూట శిక్షణ ఇచ్చారట. ఎదుటివాళ్లు చెప్పింది మన మాటల్లో తిరిగి చెప్పాలి, 'సరిగ్గా విన్నానా?' అని అడగాలి, వాళ్లు అవునన్నాకే మన మాట మొదలుపెట్టాలి. విషయం పాతదే. 1957లో కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు దీనిమీద చిన్న పుస్తకం వేశారు. అది కూడా మొగుడూ పెళ్లాల కోసం కాదు, ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్ల కోసం. తర్వాతే అది ఇళ్లల్లోకి చేరింది. మనవాడు నేరుగా వంటింట్లోకి తెచ్చాడు.

మామూలుగా ఆయన మాట్లాడేది మనందరి భాషే. వినడం మొదలుపెట్టాడంటే మాత్రం డబ్బింగ్ సీరియల్ పూనుతుంది.

"గ్యాసు అయిపోయింది" అంటుందావిడ.

"గ్యాసు అయిపోయినందుకు నీకు ఆందోళన కలుగుతున్నదని నేను అర్థం చేసుకుంటున్నాను. సరిగ్గా విన్నానా?"

"ఆందోళన లేదు, పప్పు ఉడకలే. సిలిండర్ బుక్ చెయ్యుండ్రి."

మాట్లాడే వంతు ఎవరిదో తేల్చడానికి ఏదైనా వస్తువు చేతులు మారాలని శిక్షణలో చెప్పారు. ఆయన టీవీ రిమోట్ ఎంచుకున్నాడు. రిమోట్ చేతికందగానే ఆవిడ మాట్లాడలేదు, సీరియల్ పెట్టింది.

ఇంతవరకు నవ్వుకోవడానికి బాగానే ఉంది. ఎల్లమ్మ కల్యాణం దగ్గర పడ్డాకే అసలు పరీక్ష వచ్చింది. బల్కంపేటలో కాపురమంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. ఆషాఢ మంగళవారం అమ్మవారి కల్యాణమంటే, నేలమట్టానికి దిగువన బావిలో వెలసిన ఆ తల్లిని చూడటానికి ఊరంతా ఇటే నడుస్తుంది. రోడ్లు మూసేస్తారు, బండ్లు ఎటో మళ్లిస్తారు. గుడికి దగ్గర్లో ఇల్లున్న ప్రతివాడికీ ఆ రోజు, ఏడాది పొడుగునా లేని చుట్టరికాలు మొలుస్తాయి.

వంటింటి కిటికీలు రెండూ ఒకే సందులోకి తెరుచుకుంటాయి కాబట్టి, వినాలని లేకపోయినా విన్నాను. ఆవిడ అన్నదిది: "ఈసారి కూడ మీ అక్కోళ్లంతా మనింటికే దిగుతరు. ఎంతమందొస్తరో వాళ్లు చెప్పరు, మీరు అడగరు. నేను పొద్దుగాల నుంచి పొయ్యికాడనే. గుడి పక్కన ఉండుకుంట కల్యాణం టీవీల చూస్త."

మొదటి రసీదు: "మా అక్కోళ్లు మనింటికి దిగుతరు, ఎంతమందో చెప్పరు, నువ్వు పొయ్యి దగ్గర ఉంటవు, అంతేనా?" ఇది చిలక రసీదు. మాట పొల్లు పోలేదు, లోపలికీ పోలేదు. గుర్తుపట్టడం సులువు: ఆవిడ అదే మాటను ఇంకో మెట్టు పైస్థాయిలో మళ్లీ చెప్పింది.

రెండోది: "అంటే మా అక్కోళ్లు రావొద్దంటవ్." ఇది వకీలు రసీదు. ఆవిడ అనని మాటను ఆవిడ నోట్లో పెట్టి, దానికే సంతకం అడగడం. అప్పటినుంచి ఆవిడ తన బాధ చెప్పడం మానేసి, "నేనెప్పుడన్నా?" అని తనను తాను కాచుకోవడంలో పడింది. చర్చ కల్యాణం నుంచి జారిపోయి పెళ్లినాటి పెట్టుపోతలకు చేరింది.

మూడోది: "సరే, పనెక్కువైతుందనే కదా. క్యాటరింగ్ చెప్దాం." ఇది కాంట్రాక్టరు రసీదు. ఇదే అన్నిట్లోకీ మోసకారి, ఎందుకంటే పైకి మంచితనంలా కనబడుతుంది. ఆవిడ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. మనవాడు సమస్య తీరిందనుకున్నాడు. ఆవిడ చెప్పడమే మానేసిందని పక్కింటి నాకర్థమైంది.

కాసేపటికి గిన్నెలు మాట్లాడాయి. ఒళ్లు వేడెక్కి, గుండె నిమిషానికి వందకు పైగా కొట్టుకుంటుంటే చెవుల్లో ఏదీ సరిగ్గా పడదు, కనీసం ఇరవై నిమిషాలు విడిగా ఉండమంటారు ఈ రంగంలో ఉన్నవాళ్లు. మనవాడికి అది గుర్తొచ్చి కిందికి దిగి ఇరానీ చాయ్ తాగాడు. తాగుతున్నంతసేపూ ఎదురు వాదన తయారు చేసుకున్నాడు కాబట్టి ఆ విరామం చాయ్‌వాడికే పనికొచ్చింది. రెండో చాయ్ తాగేటప్పుడు వాదనలు అయిపోయాయి కాబోలు, పైకొచ్చి, సీరియల్ భాష బయటే వదిలేసి, తన సొంత నోటితో అన్నాడు:

"వాళ్లొచ్చుడు కాదు నీ బాధ. ఎంతమందో ముందుగాల తెల్వదు, నేను అడగ. ఇంటి పక్కన కల్యాణమైతుంటే నువ్వు చూడలే. గంతేనా? ఇంకేమన్ననా?"

"గంతే" అన్నదావిడ. కాసేపు ఆగింది. "గంతే కాదు. పోయినేడు మా అమ్మ వస్తనంటే ఇంట్ల జాగ లేదన్నరు మీరు."

అసలు సరుకు అది! ఏడాది నుంచి అటక మీద ఉంది. విన్నది సరిగ్గా తిరిగి చెప్తే, చెప్పేవాళ్లు గొంతు తగ్గించి కొత్త మాట ఒకటి దించుతారు. అది దిగలేదంటే వినడం కుదరనట్టే. ఇక్కడే చాలామంది, "అప్పుడు నిజంగనే జాగ లేదు గదా" అని లెక్క చెప్పబోయి చెడగొట్టుకుంటారు. ఆయన నోరు తెరిచాడు కూడా. ఏ ఎల్లమ్మ దయో, "మా అక్కోళ్లకు ఉన్న జాగ మీ అమ్మకు లేకపాయె" అని మాత్రం అని ఊరుకున్నాడు. ఒప్పుకున్నట్టు కాదు, తప్పించుకున్నట్టూ కాదు.

తర్వాత ఆయన వంతు. "ఎంతమందని అడిగితే రావొద్దన్నట్టు అనుకుంటదేమోనని అడగ."

ఆవిడ శిక్షణ లేకుండానే రసీదిచ్చింది: "అక్కంటే భయం."

"భయం కాదే."

"మొహమాటం."

"ఆఁ, అది."

ఆయన దీన్ని విద్య గెలిచిందనే చెప్పుకుంటున్నాడు. నాకు కొంచెం అనుమానముంది. 1998లో జాన్ గాట్‌మన్ బృందం అమెరికాలో 130 కొత్త జంటల తగాదాలను గమనించి చూసింది. పోట్లాట మధ్యలో ఇలా తిరిగి చెప్పుకునేవాళ్లు అరుదు. ఆ తర్వాత సుఖంగా ఉన్న జంటల్లోనూ ఆ అలవాటు పెద్దగా కనబడలేదు. మాట మెత్తగా మొదలయ్యిందా, భార్య చెప్పినదాంట్లో కొంతైనా మొగుడు ఒప్పుకున్నాడా అనేవే లెక్కకొచ్చాయి. ఆ లెక్కల మీద తోటి పండితులు తగువాడారు, అది వేరే సంగతి. తగాదాల్ని కొలిచేవాళ్ల మధ్య తగాదా రాకపోతే ఎలా? నాకు మాత్రం ఒకటి తోస్తుంది: ఆ రోజు ఆవిడను కరిగించింది రసీదు కాకపోవచ్చు, ఆ వెంటనే ఆయన ఫోను తీసి అక్కకు చేయడం కావచ్చు.

"అక్కా, కల్యాణానికి ఎంతమందొస్తున్నరు?"

స్పీకర్ పెట్టాడేమో, అక్క గొంతు మా వంటింట్లోకీ వచ్చింది: "ఏందిరా? అంటే రావొద్దంటున్నవా?"

"అట్లనలే అక్కా! నేనన్నదేందంటే…"

"ఏమన్నవో వినొచ్చింది తియ్" అన్నదామె.

ఈలోగా సందు అవతల ఆయన భార్య నవ్వు ఆపుకోలేక కుళాయి తిప్పింది. నీళ్ల చప్పుడులో కూడా అక్క చెప్పిన అంకె వినబడింది: పదకొండు. మనవాడి అత్తగారితో కలిపి పన్నెండు.