గొల్లమ్ కాలికి కట్టిన తాడును నేను

నన్ను పేనింది లోత్లోరియన్ అడవిలోని ఎల్ఫులు. హిత్లైన్ అనే నారతో పేనారు. బూడిద రంగు, పట్టులాంటి నునుపు, చేతికి బరువే తెలియనంత తేలిక. ఎలా పేనారని మాత్రం అడక్కండి. పురి ఎక్కుతున్నంతసేపూ తాడుకి ఏ జ్ఞాపకమూ ఉండదు. పడవకి మూడేసి చుట్టల చొప్పున పెట్టారు, వాటిలో నేనొకదాన్ని. తాడు తెచ్చుకోవడం మర్చిపోయానే అని దారంతా నొచ్చుకున్న హాబిట్ సామ్ నన్ను చూసి ఎంత మురిసిపోయాడో! మురిసిపోయి, తన మూటలో పెట్టుకుని, మళ్ళీ మర్చిపోయాడు.

టోల్కీన్ 1954, 55 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వెలువరించిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో నాకంటూ ఒక ఉనికి దొరికింది రెండో సంపుటంలోనే. ఎమిన్ మూయిల్ కొండల్లో సామ్ దొర ఫ్రోడో కాలు జారి ఒక అంచు మీద చిక్కుకున్నాడు. కళ్ళకి చీకటి కమ్మింది. అప్పుడు గుర్తొచ్చాను సామ్‌కి. తనని తానే తిట్టుకుంటూ మూట విప్పి నన్ను కిందికి వదిలాడు. ఆ చీకట్లో ఫ్రోడో కంటికి ముందుగా ఆనింది నా మెరుపే. తర్వాత ఇద్దరూ నన్ను పట్టుకుని కొండ దిగారు. సామ్ లెక్క ప్రకారం నా పొడవు 18 బారలు. ఇద్దరూ కిందికి చేరాక సామ్ వీడ్కోలుగా ఒక్కసారి లాగాడు, నేను పైనున్న మోడుని వదిలి వచ్చి వాడి చేతుల్లో పడ్డాను. ముడి సరిగా వేయలేదేమో అన్నాడు ఫ్రోడో. తాళ్ళు పేనే ఇంటి వాడు సామ్, వాడికి రోషం వచ్చింది. పిలిస్తే వచ్చిందన్నాడు. ఎందుకు వచ్చానో నేను చెప్పను.

అదే రాత్రి, అదే కొండ గోడ మీద, తలకిందులుగా సాలీడులా పాక్కుంటూ దిగాడు గొల్లమ్.

వాడి పూర్వకథ మాంత్రికుడు గాండాల్ఫ్ ఫ్రోడోకి చెప్పాడు, ఫ్రోడో మనసులో అది మెదులుతూనే ఉంది. వాడి అసలు పేరు స్మీగల్. మహానది ఒడ్డున బతికే హాబిట్లలాంటి జాతి వాడు. పుట్టినరోజున నేస్తం డీగల్‌తో చేపల వేటకి పోయాడు. గాలానికి పడిన పెద్ద చేప డీగల్‌ని నీళ్ళలోకి లాగేసింది. నది అడుగున వాడి పిడికిలికి ఒక ఉంగరం దొరికింది. గట్టు మీద అది తళుక్కుమనగానే స్మీగల్ అడిగాడు, డీగల్ ఇవ్వనన్నాడు, స్మీగల్ వాడి గొంతు నులిమాడు. అంతే, ఎంతోసేపు పట్టలేదు. తర్వాత దాన్ని పుట్టినరోజు కానుక అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఇంట్లోవాళ్ళు తరిమేశారు. కొండల కింది చీకటి గుహల్లో దూరి, పచ్చి చేపలు తింటూ, దొరికితే గాబ్లిన్లనీ తింటూ, దాదాపు 470 ఏళ్ళు ఆ ఉంగరంతో ఒంటరిగా బతికాడు. దానితోనే మాట్లాడాడు. గొంతులో గొళగొళమనే చప్పుడు వల్ల గొల్లమ్ అన్న పేరు స్థిరపడింది.

చాలామంది పాఠకులు ఇక్కడే పొరబడతారు. స్మీగల్ మంచివాడు, ఉంగరం వాడి లోపల గొల్లమ్ అనే దెయ్యాన్ని పెట్టింది అనుకుంటారు. డీగల్ గొంతు నులిమిన చేతులు స్మీగల్‌వి. అప్పటికి గొల్లమ్ ఇంకా పుట్టనే లేదు. ఉంగరం ఆశ చూపింది, నిజమే. కానీ తర్వాత అదే ఉంగరం దొరికిన హాబిట్ బిల్బో దాన్ని దగ్గర పెట్టుకుని కొన్ని దశాబ్దాలు బతికాడు. వాడు దాన్ని సొంతం చేసుకున్న రోజున, తనని చంపగలిగిన గొల్లమ్‌ని చూసి జాలిపడి కత్తి దించాడు. ఒకరికి జాలితో మొదలైంది, ఒకరికి హత్యతో. మనసు చీలిన తర్వాత వచ్చిన పాపం కాదు అది. చేసిన పాపాన్ని చూసుకోలేకే ఆ మనసు చీలిందని నా అనుమానం.

మళ్ళీ ఆ రాత్రికి వస్తాను. గోడ మీంచి పడగానే సామ్ వాడి మీదికి దూకాడు. గొల్లమ్ సామ్‌ని చుట్టేసుకుని భుజం కొరికాడు, చేతులు గొంతు దాకా వచ్చాయి. ఫ్రోడో కత్తి దూస్తేగానీ వదల్లేదు. వదలగానే నేల మీద పడి ఏడుపు. కాసేపటికి ఇద్దరూ నిద్ర నటించారు, వాడు పారిపోబోయాడు, పట్టుకున్నారు. అప్పుడు సామ్ నన్ను తీసి వాడి చీలమండకి కట్టాడు. (చీలమండకి అని ఒత్తి చెబుతున్నాను. సినిమా వాళ్ళు నన్ను వాడి మెడకి తగిలించి కుక్కని లాగినట్టు లాగించారు. చూసిన వాళ్ళంతా అదే నిజమనుకుంటున్నారు.)

ముడి పడగానే వాడు వేసిన కేక ఇప్పటికీ నా పేటల్లో ఉంది. సన్నగా, చెవులు చీల్చేలా. ఒళ్ళంతా మెలికలు తిప్పుకుంటూ నోటిని చీలమండ దాకా తెచ్చి నన్ను కొరకడానికి చూశాడు. నటనేమోనని ఫ్రోడో వంగి ముడి పరీక్షించాడు. బిగుతుగా లేదు సరికదా, కాస్త వదులే. నొప్పి మాత్రం నిజం. నా చలి వాడిని కొరికింది. ఫ్రోడోకి చూపు తెప్పించినదాన్ని, సామ్ పిలిస్తే వచ్చినదాన్ని, వాడి చర్మానికి వాతనయ్యాను. నాకు అవమానంగానే అనిపించింది. తర్వాత ఎల్ఫుల రొట్టె పెట్టినా అంతే, దగ్గి ఉమ్మేశాడు. ఎండ పడదు, వెన్నెలా పడదు. ఒళ్ళు నిలబెట్టేవన్నీ వాడిని కాల్చేవే. వాడికి నచ్చేది ఇక ఒక్కటే మిగిలింది, అది ఫ్రోడో మెడలో గొలుసుకి వేలాడుతోంది, మోర్డోర్ అగ్నిగుండంలో పడి నాశనం కావడానికి.

మరి నన్ను విప్పాలంటే వాడు ఒట్టు వెయ్యాలి. ఆ ఉంగరం మీదే వేస్తానన్నాడు. ఫ్రోడో దాన్ని చూపించలేదు, తాకనివ్వలేదు, దాని సాక్షిగా వెయ్యమన్నాడు. ఆ ఉంగరం మాటల్ని మెలితిప్పుతుందని హెచ్చరించాడు కూడా. చీకటి ప్రభువు సౌరాన్ చేతికి దాన్ని చిక్కనివ్వననీ, దాని యజమానిని కొలుస్తాననీ గొల్లమ్ ప్రమాణం చేశాడు. నన్ను విప్పారు. వెంటనే మనిషే మారిపోయాడు. బుసలు తగ్గాయి, ఎదుటివాళ్ళ ముఖం చూసి మాట్లాడాడు, మంచి మాట అంటే పొంగిపోయాడు. అదీ నటన కాదు.

ఆ ప్రమాణంలోని లొసుగు కొన్ని రాత్రుల తర్వాత బయటపడింది. చిత్తడి నేలలు దాటి పడుకున్నారు. సామ్‌కి మెలకువ వచ్చింది, అరమూసిన కళ్ళతోనే విన్నాడు. మూటలో నేనూ విన్నాను. ఒకే నోట్లోంచి రెండు గొంతులు. కళ్ళలో ఒకసారి పాలిపోయిన వెలుగు, ఒకసారి పచ్చటి వెలుగు. ఒక గొంతు అంటోంది, మాటిచ్చాం కదా అని. రెండో గొంతు లాయరు బుర్రతో బదులిస్తోంది: యజమానిని కొలుస్తామన్నాం, ఉంగరం ఎవరి దగ్గరుంటే వాడే యజమాని, అది మన చేతికొస్తే మనల్ని మనమే కొలుచుకుంటాం, ఇక మాట తప్పిందెక్కడ? మొదటి గొంతు ఫ్రోడో మంచివాడంటోంది. ఎందుకు మంచివాడూ అంటే, కాలికున్న ఆ పాపిష్టి తాడు విప్పాడు కాబట్టి. వాడి మంచికి సాక్ష్యం నేను! అలా వాదించుకుంటూనే పొడుగాటి చెయ్యి ఒకటి ఫ్రోడో వైపు పాకుతోంది, మళ్ళీ వెనక్కి వస్తోంది. చివరికి ‘ఆమె’ సాయం చేస్తుందన్న ఆలోచన వచ్చింది. ఆమె అంటే షెలాబ్, కొండ కనుమలో కాపురమున్న రాకాసి సాలీడు.

గమనించండి, ఆ రెండు గొంతులూ ఒక్క విషయంలో తగాదా పడలేదు. ఉంగరం కావాలి అన్నదాంట్లో. స్మీగల్ అడ్డుపడింది పద్ధతికి మాత్రమే. రెండు పేటలు కలిపి పేనిన తాడు లాంటివాడు వాడు. ఒక పేట లాగి పారేసి మంచి తాడు మిగుల్చుకుందామంటే కుదరదు, మొత్తం పురి ఊడిపోతుంది. ఫ్రోడో మీద వాడి ఆప్యాయత కూడా ప్రమాదమే అయింది. దారిలో ఎదురైన సేనాని ఫరామిర్ మనుషుల బాణాల నుంచి కాపాడటానికి ఫ్రోడో వాడిని మాయమాటలతో కొలను దగ్గర నుంచి రప్పించి పట్టించాడు. ప్రాణం దక్కింది, నమ్మకం పోయింది. ఎవరినీ నమ్మనివాడిని అలా గాయపరచలేం. నమ్మడం అప్పుడప్పుడే మళ్ళీ నేర్చుకుంటున్నవాడు గనుకే వాడికి అంత లోతుగా తగిలింది.

ఇక కిరిత్ ఉంగోల్ మెట్లు. షెలాబ్‌తో మాట్లాడుకుని తిరిగొచ్చాడు. ఫ్రోడో తల సామ్ ఒళ్ళో ఉంది, ఇద్దరూ నిద్రలో ఉన్నారు. గొల్లమ్ చాలాసేపు చూశాడు. కళ్ళలో పచ్చటి వెలుగు లేదు. కనుమ వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. మెల్లగా చెయ్యి చాపి ఫ్రోడో మోకాలిని తాకాడు, నిమిరినంత పనిచేశాడు. ఆ క్షణంలో ఎవరైనా చూస్తే, అయినవాళ్ళంతా పోయాక మిగిలిన ముసలి హాబిట్‌ అనే అనుకునేవాళ్ళు. ఫ్రోడో నిద్రలో కదిలి మూలిగాడు. సామ్ లేచాడు, దొరని తడుముతున్న చెయ్యి చూశాడు, దొంగచాటుగా తిరుగుతున్నావని కసిరాడు. సామ్‌ని తప్పుపట్టలేను. వాడి భుజానికి పంటిగాటు తగిలింది, ఆ రాత్రి మాటలు విన్నదీ వాడే. కాపలా కాసేవాడిగా చేయాల్సిందే చేశాడు. గొల్లమ్ వెనక్కి జరిగాడు, పచ్చ మెరుపు తిరిగొచ్చింది. ఆ తర్వాత వాళ్ళని తీసుకెళ్ళింది సాలీడు గుహలోకే. గొల్లమ్ మారబోయి మారలేకపోయిన ఈ ఘట్టం తనని ఎక్కువగా బాధపెట్టిందని టోల్కీన్ ఒక ఉత్తరంలో రాసుకున్నాడు.

మోర్డోర్‌లో బరువు మోయలేక సామ్ అన్నీ పారేశాడు. వంటగిన్నెలు లోయలో పడి చప్పుడు చేస్తుంటే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నన్ను పారేయలేదు, కత్తితో కోశాడు. చిన్న ముక్క ఫ్రోడో నడుముకి మొలతాడయింది, మిగతాది చుట్టచుట్టి మూటలో పెట్టాడు. అందుకే చివరి రోజున నేను రెండు చోట్లా ఉన్నాను. కొండ వాలులో గొల్లమ్ మీదపడ్డప్పుడు ఫ్రోడో అన్నాడు, ఇంకోసారి తాకితే నువ్వే అగ్నిలో పడతావని. ఫ్రోడో పైకి వెళ్ళాక సామ్ కత్తి ఎత్తాడు, దించేశాడు. కొద్దిసేపే అయినా ఆ ఉంగరం తానూ మోశాడు, ఆ చిక్కిన ప్రాణం పడ్డ నరకం ఎలాంటిదో అప్పటికి తెలిసింది.

అగ్నిగుండం అంచున తాడో పేడో తేలే వేళకి ఫ్రోడో ఉంగరం అగ్నిలో వెయ్యనన్నాడు, తనదేనన్నాడు, వేలికి తొడుక్కున్నాడు. కనిపించకుండా పోయిన వాడి నడుముకి నేనున్నాను. గొల్లమ్ మీదపడి పెనుగులాడాడు, ఉంగరం ఉన్న వేలు కొరికేశాడు, దాన్ని పైకెత్తి చిందులేస్తూ అంచు దాటి పడిపోయాడు. తన ఒట్టు మాటని తనకి అనుకూలంగా తిప్పుకున్నవాడు, సౌరాన్‌కి దాన్ని చిక్కనివ్వనన్న భాగాన్ని అక్షరాలా నిలబెట్టాడు.

వాడిని క్షమించమని ఫ్రోడో అక్కడే సామ్‌తో అన్నాడు, వాడే లేకపోతే పని అయ్యేది కాదని. వాడి కాలి వణుకు తెలిసినదాన్ని కనుక నేనూ క్షమించాను. అయితే అదే మాట మెట్ల మీద నిద్రపోతున్నప్పుడు అడిగి ఉంటే, ముందు నన్ను మళ్ళీ వాడి కాలికి కట్టమనేదాన్ని.